జీ ప్లస్ ఫోర్ ఆఫీసు భవనానికి లోడ్ లెక్క, కేబుల్ సైజు: విజయవాడ ఉదాహరణతో అడుగడుగునా

ఒక అంతస్తుకు 75 ఆంపియర్ల కరెంటు కావాలి. కేటలాగ్ తీస్తే 25 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ ఆర్మర్డ్ కేబుల్ గాలిలో 96 ఆంపియర్లు మోస్తుందని రాసి ఉంటుంది. సరిపోయిందనుకుని చాలామంది అక్కడితో లెక్క ముగించేస్తారు. అదే అంతస్తుకు ఈ వ్యాసం చివర మనం తేల్చేది 70 స్క్వేర్ ఎంఎం. ఎవరి భయం కోసమో వేసిన మార్జిన్ కాదిది. కేటలాగ్ అంకెకూ సైట్‌లో కేబుల్ పడి ఉండే పరిస్థితికీ ఉన్న తేడా అంత. ఆ తేడా ఎక్కడెక్కడ పుడుతుందో ఒక భవనాన్ని మొదటి నుంచి చివరి దాకా లెక్కగట్టి చూద్దాం.

ఈ లెక్క డిజైన్ అర్థం చేసుకోవడానికి. అసలు పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతోనే చేయించాలి. 11 కేవీ కనెక్షన్ ఉన్న చోట, సప్లై ఇచ్చే ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి కూడా కావాలి.

మన భవనం

విజయవాడలో ఒకే సంస్థ వాడుకునే భవనం అనుకుందాం. కింద సెల్లార్, పైన గ్రౌండ్ ఫ్లోర్‌తో కలిపి ఐదు అంతస్తులు. ఒక్కో అంతస్తు 600 చదరపు మీటర్లు. గ్రౌండ్ ఫ్లోర్‌లో షోరూమ్, పైన నాలుగు అంతస్తుల్లో ఆఫీసులు. సెల్లార్‌లో పార్కింగ్, పంపులు, మెయిన్ ఎల్‌టీ ప్యానెల్ ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రహరీ పక్కన ఉంటుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఏ అంతస్తువి ఆ అంతస్తు బాల్కనీలోనే పెట్టారు కాబట్టి వాటికి సప్లై కూడా ఆ అంతస్తు ప్యానెల్ నుంచే వెళ్తుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

భవనాన్ని నలుగురైదుగురికి అద్దెకిచ్చి ఎవరి మీటరు వాళ్లకు డిస్కం నుంచి తీసుకుంటే కథ వేరు. అప్పుడు ప్రతి మీటరుకూ విడిగా కాంట్రాక్ట్ లోడ్ ఉంటుంది, అన్ని అంతస్తుల పీక్ ఒకేసారి రాకపోవడం వల్ల కలిసొచ్చే డైవర్సిటీ లాభం మీకు రాదు.

మొదటి అడుగు: లోడ్ షీట్

ఫిట్టింగులన్నీ ఖరారయ్యేదాకా ఆగితే లోడ్ షీట్ ఎప్పటికీ తయారవదు. ఆర్కిటెక్ట్ ప్లాన్ వచ్చిన రోజే విస్తీర్ణం మీద అంచనా వేసి మొదలుపెట్టాలి, వివరాలు వచ్చే కొద్దీ దిద్దుకోవాలి.

ఆఫీసు అంతస్తులో ఎల్‌ఈడీ లైటింగ్‌కు చదరపు మీటరుకు 8 వాట్లు పెడితే 4.8 కిలోవాట్లు వస్తుంది, 5 అనుకుందాం. మనిషికి 10 చదరపు మీటర్ల లెక్కన 60 డెస్కులు. డెస్కుకు 150 వాట్ల చొప్పున 9 కిలోవాట్లు. ప్రింటర్లు, పాంట్రీలో కెటిల్, మైక్రోవేవ్, మామూలు సాకెట్లకు మరో 6. ఎగ్జాస్ట్ ఫ్యాన్ల లాంటి చిల్లర లోడ్ 1.6.

ఇక ఏసీ. అసలు లోడ్ అంతా ఇక్కడే ఉంది. 600 చదరపు మీటర్లలో మెట్లు, లిఫ్ట్, టాయిలెట్లు పోగా 450 చదరపు మీటర్లను చల్లబరచాలి. అంటే దాదాపు 4,840 చదరపు అడుగులు. విజయవాడ ఎండకు 150 చదరపు అడుగులకు ఒక టన్ను చొప్పున 32 టన్నులు. టన్నుకు 1.2 కిలోవాట్ల కరెంటు వేస్తే 38.4 కిలోవాట్లు. ఇది ప్రాథమిక అంచనాయే. హెచ్‌వీఏసీ ఇంజినీరు హీట్ లోడ్ ఇచ్చాక ఈ అంకె మారుతుంది. పడమటి వైపు మొత్తం గాజు గోడ పెడితే మాత్రం ఖాయంగా పెరుగుతుంది.

ఇవన్నీ కలిపితే ఒక ఆఫీసు అంతస్తుకు కనెక్టెడ్ లోడ్ 60 కిలోవాట్లు. షోరూమ్‌లో లైటింగ్ ఎక్కువ: 9 కిలోవాట్లు లైట్లకు, 3 సైన్ బోర్డుకు, 6 సాకెట్లకు, 40 టన్నుల ఏసీకి 48. మొత్తం 66.

కామన్ సర్వీసుల్లో రెండు లిఫ్టులకు 15, నీటి పంపుకు 5.5, మురుగునీటిని శుద్ధి చేసే ఎస్‌టీపీకి 7.5, సెల్లార్ వెంటిలేషన్ ఫ్యాన్లకు 15, కామన్ లైట్లకు 6 కిలోవాట్లు వేశాం. నాలుగు ఈవీ చార్జర్లకు 30 కిలోవాట్ల దాకా పడుతుంది. ఈ విభాగం మొత్తం 79. నీటి పంపులు రెండున్నా ఒకటి స్టాండ్‌బై కాబట్టి ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకున్నాం.

అన్నీ కలిపితే 385 కిలోవాట్లు. 37 కిలోవాట్ల ఫైర్ పంపును ఇందులో కలపలేదు. అది నడిచే పరిస్థితి వస్తే మిగతా లోడ్ ఎలాగూ కట్ అవుతుంది. దాని ఫీడర్‌ను మెయిన్ బ్రేకర్‌కు ముందు నుంచే విడిగా తీసుకోవాలి. భవనానికి కరెంటు ఆపేసినా పంపుకు సప్లై ఆగకూడదు.

రెండో అడుగు: కనెక్టెడ్ లోడ్ నుంచి డిమాండ్‌కి

385 కిలోవాట్లూ ఒకేసారి నడవవు. దాన్ని తగ్గించే దగ్గరే పొరపాట్లు జరుగుతాయి, ఎక్కువగా ఒకే తగ్గింపును రెండుసార్లు వేయడం వల్ల. అందుకే తగ్గింపులు రెండు వేర్వేరు చోట్ల పడతాయని ముందే గీత గీసుకోవాలి. డిమాండ్ ఫ్యాక్టర్ ఒక ప్యానెల్ లోపల, ఒక్కో రకం లోడ్ మీద పడుతుంది. డైవర్సిటీ ఫ్యాక్టర్ ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య, మెయిన్ ప్యానెల్ దగ్గర మాత్రమే పడుతుంది.

ఆఫీసు అంతస్తులో లైట్లకు 0.9, కంప్యూటర్లకు 0.7, మామూలు సాకెట్లకు 0.3, చిల్లర లోడ్‌కు 0.8 వేశాను. ఏసీకి 0.9. ఏసీకి 0.7 వేసిన లోడ్ షీట్లు కనిపిస్తుంటాయి. అది ఏడాది సగటుకు పనికొస్తుందేమో కానీ, మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు అంతస్తులో ఏ కంప్రెసరూ ఖాళీగా కూర్చోదు. కేబుల్ మోయాల్సింది ఆ మధ్యాహ్నం కరెంటునే.

```
లైట్లు       5.0 × 0.9 =  4.5
కంప్యూటర్లు   9.0 × 0.7 =  6.3
సాకెట్లు     6.0 × 0.3 =  1.8
ఏసీ        38.4 × 0.9 = 34.6
చిల్లర       1.6 × 0.8 =  1.3
మొత్తం                 = 48.5 kW
```

పవర్ ఫ్యాక్టర్ 0.9 అనుకుని 415 వోల్టుల మీద కరెంటు తీస్తే:

```
I = 48500 / (1.732 × 415 × 0.9) = 75 A
```

అదే పద్ధతిలో షోరూమ్ డిమాండ్ 57.6 కిలోవాట్లు, 89 ఆంపియర్లు. కామన్ ప్యానెల్‌కు 59.5 కిలోవాట్లు, 92 ఆంపియర్లు.

కామన్ ప్యానెల్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఈ 92 మూడు ఫేజుల సగటు. 7.4 కిలోవాట్ల ఈవీ చార్జర్ సింగిల్ ఫేజు మీద 32 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు చార్జర్లను మూడు ఫేజులకు పంచితే ఒక ఫేజు మీద రెండు పడక తప్పదు. నాలుగూ నడిచినప్పుడు ఆ ఫేజులో కరెంటు 120 దాకా పోతుంది. బ్రేకర్ 125 ఆంపియర్లది కాబట్టి ఇప్పటికి ఆగుతుంది. కానీ తర్వాత ఎవరైనా ఐదో చార్జరును తెచ్చి అదే ఫేజుకు కలిపితే, సాయంత్రం అందరూ బండ్లు చార్జింగ్ పెట్టే వేళకు ట్రిప్ అవుతుంది. సగటు కరెంటు మాత్రమే రాసిన లోడ్ షీట్‌లో ఈ సమస్య కనిపించదు. సింగిల్ ఫేజు లోడ్ పెద్దదైతే ఆర్, వై, బీ మూడు కాలమ్‌లు విడిగా పెట్టాల్సిందే.

ఇప్పుడు మెయిన్ ప్యానెల్. ఆరు ఫీడర్ల డిమాండ్లు కలిపితే 311 కిలోవాట్లు. షోరూమ్ రద్దీ సాయంత్రం, ఆఫీసుల పీక్ మధ్యాహ్నం. ఈవీ చార్జింగ్ వేళలు మరోలా ఉంటాయి. అయినా ఏసీ లోడ్ అన్నిచోట్లా ఒకే ఎండకు స్పందిస్తుంది కాబట్టి డైవర్సిటీని 1.1కి మించి ఆశించలేదు. 311ని 1.1తో భాగిస్తే 283 కిలోవాట్లు.

ట్రాన్స్‌ఫార్మర్, కాంట్రాక్ట్ డిమాండ్

ఏపీఎఫ్‌సీ ప్యానెల్ పెట్టి పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు తెస్తే 283 కిలోవాట్లు 298 కేవీఏ అవుతాయి. 315 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అంకెల్లో సరిపోతుంది గానీ మొదటి రోజే 95 శాతం మీద నడుస్తుంది. 400 కేవీఏ తీసుకుంటే 75 శాతం దగ్గర ఉంటుంది, 20 శాతం లోడ్ పెరిగినా 360 లోపే. 500 అవసరం లేదు. లోడ్ లేకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ ఐరన్ లాస్ రాత్రీపగలూ మీటరులో తిరుగుతూనే ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ 400 కేవీఏ పెట్టారు కదా అని డిస్కంకు 400 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ రాసి ఇవ్వకండి. తెలుగు రాష్ట్రాల్లో హెచ్‌టీ బిల్లు డిమాండ్ చార్జీకి, నమోదైన డిమాండ్, కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది చూస్తారు. భవనం సగం ఖాళీగా ఉన్న మొదటి ఏడాది 320 కేవీఏకు డబ్బు కట్టడం దండగ. అంతస్తులు నిండే కొద్దీ పెంచుకోవచ్చు.

అంతస్తు కేబుల్: అసలు పని ఇక్కడ

నాలుగో అంతస్తు ఫీడర్ తీసుకుందాం. డిజైన్ కరెంటు 75 ఆంపియర్లు. దానికి 100 ఆంపియర్ల ఎంసీసీబీ రకం బ్రేకర్ పెడతాం. ఇక్కడ పాటించాల్సిన వరస ఒకటే: లోడ్ కరెంటు కంటే బ్రేకర్ పెద్దది కావాలి, బ్రేకర్ కంటే కేబుల్ నిజంగా మోయగల కరెంటు పెద్దది కావాలి. అంటే కేబుల్‌ను 75కు కాదు, 100కు సరిచూడాలి. రేపు అంతస్తులో సర్వర్ రూమ్ వచ్చి లోడ్ 95కు చేరిందనుకోండి. బ్రేకర్ ట్రిప్ అవదు. అప్పుడు కేబుల్ కూడా తట్టుకోవాలి.

కేటలాగ్ అంకెలు కొన్ని షరతుల మీద ఇస్తారు. మన దేశపు తయారీదారుల పట్టికల్లో సాధారణంగా గాలి 40 డిగ్రీలు, నేల 30 డిగ్రీలు, కేబుల్ ఒంటరిగా ఉండాలి, ఎక్స్‌ఎల్‌పీఈ కండక్టర్ గరిష్ఠంగా 90 డిగ్రీలు. ఐఎస్ 7098కు తయారైన నాలుగు కోర్ల అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్‌కు గాలిలో ఆ అంకెలు ఇలా ఉంటాయి: 25 స్క్వేర్ ఎంఎంకు 96, 35కు 117, 50కి 142, 70కి 179, 95కు 221 ఆంపియర్లు.

మన కేబుల్ ఉండే చోటు చూద్దాం. మెయిన్ ప్యానెల్ నుంచి సెల్లార్ సీలింగ్ కింద ట్రే మీద 25 మీటర్లు పోయి, రైజర్ షాఫ్ట్‌లోంచి పైకి ఎక్కుతుంది. షాఫ్ట్‌కు ప్రతి అంతస్తు దగ్గరా ఫైర్ సీల్ వేస్తారు, అందువల్ల గాలి కదలదు. సెల్లార్ సీలింగ్ కింద ఎగ్జాస్ట్ డక్ట్ వేడి. రెండు చోట్లా 45 డిగ్రీలు అనుకోవడం ఎండాకాలానికి న్యాయమైన అంచనా. ఎక్స్‌ఎల్‌పీఈకి 45 డిగ్రీల దగ్గర ఫ్యాక్టర్ 0.95. ఇది చిన్న దెబ్బే.

పెద్ద దెబ్బ గుంపు వల్ల తగులుతుంది. సెల్లార్ ట్రే మీద ఆరు ఫీడర్లూ పక్కపక్కనే ఒకదాన్నొకటి తాకుతూ పోతాయి. చిల్లుల ట్రే మీద ఒకే వరసలో ఆరు కేబుళ్లకు ఫ్యాక్టర్ 0.73. షాఫ్ట్‌లో నాలుగే పైకి పోతాయి కాబట్టి అక్కడ కాస్త నయం. కానీ దారి మొత్తంలో ఎక్కడ పరిస్థితి అధ్వానంగా ఉందో అక్కడి ఫ్యాక్టరే కేబుల్ మొత్తానికి వేయాలి.

0.95ను 0.73తో గుణిస్తే 0.69. ఇప్పుడు మొదట అనుకున్న 25 స్క్వేర్ ఎంఎం మోయగలిగేది 96 కాదు, 66. మనకు కావాల్సింది 75. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ కేబుల్‌లో 75 ఆంపియర్లు నడిపితే కండక్టర్ 100 డిగ్రీలు దాటుతుంది. వెంటనే ఏమీ జరగదు, అదే చిక్కు. ఇన్సులేషన్ ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది, కొన్నేళ్లకు ఒక ఎండాకాలంలో గ్లాండ్ దగ్గరో వంపు దగ్గరో పేలుతుంది. అప్పుడు అందరూ కేబుల్ కంపెనీని తిడతారు.

100 ఆంపియర్ల బ్రేకర్‌కు 0.69 ఫ్యాక్టర్‌తో కేటలాగ్ అంకె 145 కావాలి. 50 స్క్వేర్ ఎంఎంకు 142 ఉంది, కొంచెంలో తప్పింది. ఎంసీసీబీ థర్మల్ సెట్టింగును 90కి తగ్గిస్తే 50 సరిపోతుంది, నియమం ప్రకారం తప్పేమీ కాదు. కానీ ఆ సెట్టింగును ఎవరూ ముట్టుకోరన్న గ్యారంటీ లేదు. ట్రిప్ అయిన రోజు స్క్రూడ్రైవర్‌తో డయల్‌ను 100కు తిప్పడం ఎంతసేపు? ఇంకో కారణం కూడా ఉంది, అది న్యూట్రల్.

న్యూట్రల్‌ను సగం చేయొచ్చా

మూడున్నర కోర్ కేబుల్‌లో న్యూట్రల్ ఫేజులో సుమారు సగం సైజు ఉంటుంది. మోటార్లు, హీటర్లు ఉన్న రోజుల్లో అది సరైన పొదుపు. మూడు ఫేజులు బ్యాలెన్స్ అయితే న్యూట్రల్‌లో కరెంటు దాదాపు ఉండదు.

ఎల్‌ఈడీ డ్రైవర్లు, కంప్యూటర్ పవర్ సప్లైలు అలా ప్రవర్తించవు. అవి 50 హెర్ట్జ్‌తో పాటు 150 హెర్ట్జ్ కరెంటును కూడా లాగుతాయి. ఈ థర్డ్ హార్మోనిక్‌కు ఒక దుర్గుణం ఉంది. మూడు ఫేజుల్లోనూ అది ఒకే సమయంలో ఎగసిపడుతుంది. అందువల్ల న్యూట్రల్‌లో రద్దు కాకపోగా మూడూ కూడుకుంటాయి. ఫేజులో థర్డ్ హార్మోనిక్ 20 శాతం ఉంటే న్యూట్రల్‌లో 60 శాతం నడుస్తుంది, ఫేజులు ఎంత బాగా బ్యాలెన్స్ చేసినా సరే.

మన అంతస్తులో లైట్లు, కంప్యూటర్లు కలిపి 10.8 కిలోవాట్లు, అంటే డిమాండ్‌లో 22 శాతం. వాటి కరెంటులో 70 శాతం దాకా థర్డ్ హార్మోనిక్ ఉంటుందనుకుంటే ఫీడర్ మొత్తం మీద 15 శాతం దగ్గర తేలుతుంది. త్రీ ఫేజ్ వీఆర్‌ఎఫ్ ఏసీ యూనిట్లు ఐదో, ఏడో హార్మోనిక్‌లను ఎక్కువ ఇస్తాయి గానీ థర్డ్‌ను పెద్దగా ఇవ్వవు. ఐఈసీ పద్ధతిలో 15 నుంచి 33 శాతం మధ్య ఉంటే కేబుల్ సామర్థ్యాన్ని 0.86తో తగ్గించాలి. ఇప్పుడు న్యూట్రల్ కూడా వేడి పుట్టించే నాలుగో కండక్టర్ అయిపోయింది కదా. మనం గీత మీదే ఉన్నాం కాబట్టి తగ్గింపు వేసేద్దాం.

```
0.95 × 0.73 × 0.86 = 0.60
కావాల్సిన కేటలాగ్ కరెంటు = 100 / 0.60 = 167 A
70 స్క్వేర్ ఎంఎం: 179 × 0.60 = 107 A
```

నాలుగు కోర్ల 70 స్క్వేర్ ఎంఎం, న్యూట్రల్ ఫేజుతో సమానం. తేలిపోయింది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న అవుట్‌డోర్ యూనిట్ల సంగతి ఇక్కడికి వస్తుంది. వాటిని టెర్రస్ మీద పెట్టి, విడిగా ఏసీ ప్యానెల్ ఇచ్చారనుకోండి. అంతస్తు కేబుల్ మీద 14 కిలోవాట్లే మిగులుతాయి, 21.5 ఆంపియర్లు. చిన్న కేబుల్ చాలనిపిస్తుంది. కానీ ఆ మిగిలినదంతా దాదాపు లైట్లు, కంప్యూటర్లే. థర్డ్ హార్మోనిక్ వాటా 40 శాతానికి పోతే న్యూట్రల్ కరెంటు ఫేజు కంటే ఎక్కువ, 26 ఆంపియర్లు అవుతుంది. 33 శాతం దాటాక కేబుల్ సైజును న్యూట్రల్ కరెంటును బట్టే ఎంచుకోవాలి. మూడున్నర కోర్ అక్కడ అస్సలు పనికిరాదు.

వోల్టేజ్ డ్రాప్

వేడి పరీక్ష నెగ్గిన కేబుల్ ఈ పరీక్షలో ఓడేది ఎక్కువగా పొడుగు దూరాల్లోనే. నాలుగో అంతస్తుకు మొత్తం పొడవు 50 మీటర్లు. 70 స్క్వేర్ ఎంఎం అల్యూమినియంకు 90 డిగ్రీల దగ్గర రెసిస్టెన్స్ కిలోమీటరుకు 0.568 ఓములు, రియాక్టెన్స్ సుమారు 0.075.

```
Vd = 1.732 × I × L × (R cosφ + X sinφ)
   = 1.732 × 75 × 0.05 × (0.568×0.9 + 0.075×0.436)
   = 3.5 V, అంటే 0.85 శాతం
```

20 డిగ్రీల రెసిస్టెన్స్ వేసి లెక్కేస్తే డ్రాప్ సుమారు ఐదో వంతు తక్కువ కనిపిస్తుంది, జాగ్రత్త. కేటలాగ్‌లో రెండు కాలమ్‌లూ పక్కపక్కనే ఉంటాయి.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మెయిన్ ప్యానెల్ దాకా 0.25 శాతం. రెండూ కలిపి 1.1. లైటింగ్‌కు చివరి పాయింటు దాకా 3 శాతం, మిగతా వాటికి 5 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టుకుందాం. ఇప్పుడు అంతస్తు డిస్ట్రిబ్యూషన్ బోర్డు, అంటే డీబీ నుంచి 30 మీటర్ల దూరంలో 5 ఆంపియర్ల లైటింగ్ సర్క్యూట్‌కు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగితే ఒక్క దానిలోనే 1.9 శాతం పోతుంది. మొత్తం 3 మీద ఆగుతుంది, ఊపిరి సలపదు. దూరపు సర్క్యూట్లకు 2.5 లాగితే 1.2కు దిగుతుంది. చూశారా, పెద్ద కేబుల్‌లో మిగిల్చుకున్నది చివరి వైరులో ఖర్చయిపోతుంది. రైజర్ కేబుల్ దగ్గరే రెండున్నర శాతం వాడేసుకున్న డిజైన్లలో చివరి గదికి ఏమీ మిగలదు.

షార్ట్ సర్క్యూట్

దీన్ని త్వరగా చూసేయొచ్చు. 400 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపీడెన్స్ 4.5 శాతం అయితే, 533 ఆంపియర్లను 0.045తో భాగించగా ఫాల్ట్ కరెంటు దాదాపు 11.8 కిలోఆంపియర్లు. ఎక్స్‌ఎల్‌పీఈ అల్యూమినియం స్క్వేర్ ఎంఎంకు 94 ఆంపియర్లను ఒక సెకను తట్టుకుంటుంది. ఆ లెక్కన 70 స్క్వేర్ ఎంఎం కేబుల్ 11.8 కిలోఆంపియర్లను 0.3 సెకన్లు భరిస్తుంది. ఎంసీసీబీ ఇన్‌స్టంటేనియస్ ట్రిప్ అంతకంటే ఎంతో ముందే పడుతుంది. అయితే ఫాల్ట్‌కు దగ్గరున్న బ్రేకర్ మాత్రమే పడేలా చూసే డిస్క్రిమినేషన్ కోసమని ఈ ఫీడర్ బ్రేకర్‌కు 0.4 సెకన్ల ఆలస్యం సెట్ చేస్తే మాత్రం కేబుల్ ముందు కాలుతుంది. ఆలస్యాన్ని మెయిన్ బ్రేకర్‌కే ఉంచండి.

మెయిన్ కేబుల్: ఒక చిన్న సందు విలువ

డిమాండ్ కరెంటు 415 ఆంపియర్లే అయినా, ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల దగ్గర ఇవ్వగలిగే 533 ఆంపియర్లకు కేబుల్ చూడాలి. మెయిన్ బ్రేకర్ 630, సెట్టింగు సుమారు 535.

భూమిలో మూడున్నర కోర్ 300 స్క్వేర్ ఎంఎం 367 ఆంపియర్లు మోస్తుంది. రెండు రన్లు వేద్దాం. నేల 35 డిగ్రీలకు 0.96. రెండు కేబుళ్లు తాకుతూ పడుకుంటే గుంపు ఫ్యాక్టర్ 0.75, మధ్యలో ఒక కేబుల్ మందం సందు వదిలితే 0.80. తాకితే రెండూ కలిపి 528, చాలదు. సందు వదిలితే 564, చాలుతుంది. డ్రాయింగులో ఆ సందును కొలతతో సహా గీయకపోతే ట్రెంచిలో కూలీలు రెండు కేబుళ్లనూ కలిపే పడేస్తారు, మట్టి కప్పాక ఎవరికీ తెలియదు. కప్పే ముందు ఫోటో తీసి పెట్టుకోవాలి.

ఇక్కడ మూడున్నర కోర్ ఎందుకు సరే అంటే, భవనం మొత్తం మీద లైట్లు, కంప్యూటర్ల వాటా ఇంకా తగ్గింది, థర్డ్ హార్మోనిక్ 15 శాతం లోపే.

కేబుల్ షెడ్యూల్

షోరూమ్‌కు 125 ఆంపియర్ల బ్రేకర్, అదే 0.60 ఫ్యాక్టర్‌తో 210 కావాలి, 95 స్క్వేర్ ఎంఎం వస్తుంది. కామన్ ప్యానెల్‌కు హార్మోనిక్ తగ్గింపు లేకుండా 0.69తో 181 కావాలి. 70కి 179 ఉంది. రెండు ఆంపియర్లే కదా అనిపిస్తుంది గానీ, ఈవీ ఫేజు 120 దగ్గర నడుస్తుందని తెలిసి కూడా 70 వేయడం నాకు ఇష్టం లేదు.

| ఫీడర్ | కరెంటు | బ్రేకర్ | కేబుల్, అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ | పొడవు | డ్రాప్ |
|---|---|---|---|---|---|
| ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మెయిన్ ప్యానెల్ | 415 | 630, సెట్టింగు 535 | 2 రన్లు, మూడున్నర కోర్ 300 | 20 మీ. | 0.25 శాతం |
| షోరూమ్ | 89 | 125 | 4 కోర్ 95 | 30 మీ. | 0.45 శాతం |
| ఆఫీసు అంతస్తులు, ఒక్కోదానికి | 75 | 100 | 4 కోర్ 70 | గరిష్ఠంగా 50 మీ. | గరిష్ఠంగా 0.85 శాతం |
| కామన్ ప్యానెల్ | 92, ఒక ఫేజులో 120 | 125 | 4 కోర్ 95 | 15 మీ. | 0.23 శాతం |

ఈ పట్టిక పక్కన ఏ ఫ్యాక్టర్లు వేశారో రాయడం మరిచిపోకండి. ట్రే మీద ఆరు కేబుళ్లు, గాలి 45 డిగ్రీలు అని రాసి ఉంటే, ఏడో కేబుల్ వేయబోయే ఎలక్ట్రీషియన్ కనీసం ఒకసారి ఆలోచిస్తాడు.

భవనం నిండాక కొలవాల్సినవి

కాగితం మీది అంచనా నిజమో కాదో మొదటి మే నెలలో తెలిసిపోతుంది. మధ్యాహ్నం వేళ ప్రతి ఫీడర్ మీదా ట్రూ ఆర్‌ఎంఎస్ క్లాంప్ మీటరు పెట్టి మూడు ఫేజులు, న్యూట్రల్ నాలుగూ కొలవాలి. మామూలు చవక మీటర్లు హార్మోనిక్ కరెంటును తక్కువ చూపిస్తాయి.

ఫేజుల్లో 70, 68, 72 ఉండి న్యూట్రల్‌లో మూడు నాలుగు ఆంపియర్లే ఉంటే హార్మోనిక్ బెడద లేనట్టే. న్యూట్రల్‌లో 30 కనిపిస్తే అది అన్‌బ్యాలెన్స్ కాదు, ఫేజులు సమానంగానే ఉన్నాయి కదా. మీటరులో ఫ్రీక్వెన్సీ బటన్ ఉంటే నొక్కి చూడండి, 150 హెర్ట్జ్ చూపిస్తుంది. అదే ఫేజుల్లో 95, 60, 62 ఉండి న్యూట్రల్ 50 హెర్ట్జ్ దగ్గర 34 ఉంటే సమస్య పంపిణీలో ఉంది. డీబీలో సింగిల్ ఫేజు సర్క్యూట్లను ఫేజు మార్చి కలిపితే తీరుతుంది, కేబుల్ మార్చనక్కర్లేదు.

ఆ తర్వాత థర్మల్ కెమెరాతో లగ్గులు చూడాలి. అల్యూమినియం కేబుల్‌ను రాగి బస్‌బార్‌కు కలిపే చోట బైమెటల్ లగ్గు వాడకపోయినా, క్రింపింగ్ సరిగా లేకపోయినా ఆ ఒక్క ఫేజు లగ్గు మాత్రమే పక్కవాటి కంటే వేడిగా కనిపిస్తుంది. మూడు ఫేజులూ సమానంగా వేడెక్కి, ఆ వేడి లగ్గు దగ్గరే ఆగకుండా కేబుల్ పొడవునా ఉంటే తప్పు జాయింటులో లేదు. ట్రే దగ్గరికి వెళ్లి ఇప్పుడు దాని మీద ఎన్ని కేబుళ్లున్నాయో లెక్కపెట్టండి.